కదిలే అంకెకు కదలని చోటు

1976 జూలై 18. మాంట్రియల్ ఒలింపిక్స్‌లో పద్నాలుగేళ్ల రొమేనియా అమ్మాయి నాదియా కొమనేచి అన్‌ఈవెన్ బార్స్ మీద విన్యాసం ముగించి నేల మీదికి దిగింది. కాసేపటికి స్కోరుబోర్డు మీద 1.00 అని వెలిగింది. హాలంతా అయోమయం. నిజానికి న్యాయనిర్ణేతలు వేసింది పదికి పది. ఆ బోర్డులో చుక్కకు ముందు ఒక్క అంకెకే చోటుంది. పూర్తి మార్కులు ఎవరికో రావచ్చన్న ఆలోచన దాన్ని తయారుచేసినప్పుడు లెక్కలోకి రాలేదు. క్రీడా చరిత్రలో ఎన్నదగిన స్కోరు, గడి చాలక పదో వంతై కనబడింది.

ఆనాటి బోర్డు గడులు బిగుసుకుపోయినవి. ఇప్పటి ఫోన్ తెరకు ఆ ఇబ్బంది లేదు. ఎన్ని అంకెలు వస్తే అంత మేర సాగుతుంది. కొత్త చిక్కు ఆ సాగడంలోనే ఉంది. మ్యాచ్ జరుగుతున్నప్పుడు స్కోరు చూపే పట్టీని ఒకసారి గమనిస్తే విషయం తెలుస్తుంది. స్కోరు 111 నుంచి 115కి, అక్కణ్నుంచి 120కి మారుతుంటే, పక్కనున్న ఓవర్ల సంఖ్య కాస్త కుడికి జరుగుతుంది, మళ్లీ ఎడమకు వస్తుంది. షేర్ల యాప్‌లో ధర సెకనుకు నాలుగైదుసార్లు మారుతుంది కాబట్టి అదే జరుగుడు వణుకులా కనబడుతుంది. ధర పక్కనే బటన్ ఉంటే అదీ వణుకుతుంది. వేలు తెరను తాకే క్షణానికి బటన్ జరిగిపోయి, ఇంకేదో నొక్కుకుపోవడమూ కద్దు.

అంకె మారుతున్నట్టు కదిలించి చూపడం తెర మీద చిన్న అలంకారమే. కానీ దాన్ని సరిగ్గా చేయాలంటే మూడు విషయాలు తేల్చుకోవాలి. అంకె చోటు కదలకుండా ఎలా ఉంచాలి, పాత విలువకూ కొత్త విలువకూ నడుమ ఏం చూపాలి, ఒక కదలిక పూర్తికాకముందే ఇంకో విలువ వచ్చిపడితే ఏం చేయాలి. చాలా యాప్‌లు మొదటిదాన్ని సగం చేసి, రెండోదాన్ని ఆలోచించకుండా, మూడోదాని దగ్గర బోల్తా పడతాయి.

వణుకుకు మూలం అక్షరరూపాల్లో, అంటే ఫాంట్‌లో ఉంది. కొన్ని ఫాంట్లలో 1 సన్నగా, 8 వెడల్పుగా ఉంటాయి. మామూలు వాక్యం మధ్యలో సంఖ్య వచ్చినప్పుడు ఇలా ఎవరి వెడల్పు వారికి ఉంటేనే చూడ్డానికి బాగుంటుంది. 1 చుట్టూ ఖాళీ మిగలదు. కానీ పట్టికల్లో, లెక్కల పుస్తకాల్లో అన్ని అంకెలూ ఒకే వెడల్పులో ఉండాలి, లేకపోతే ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు పడవు. సీసం అక్షరాలు పేర్చి అచ్చువేసిన రోజుల నుంచీ ఈ రెండు రకాలూ వాడుకలో ఉన్నాయి. నేటి ఓపెన్‌టైప్ ఫాంట్లలో చాలావాటికి రెండు రకాలూ కడుపులోనే ఉంటాయి. ఏది కావాలో అడగడమే మన పని.

తేడా ఎంతుంటుందో ఒక ఊహాలెక్క వేద్దాం. 32 పిక్సెళ్ల అక్షరాల్లో 1 వెడల్పు 13 పిక్సెళ్లు, 8 వెడల్పు 19 పిక్సెళ్లు అనుకుందాం. అప్పుడు 1,111 అన్న సంఖ్య కంటే 8,888 అన్న సంఖ్య 24 పిక్సెళ్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. అంటే ఒక అంకెకు పైగా వెడల్పన్నమాట. రెండింటిలోనూ నాలుగంకెలే ఉన్నా, మధ్యకు సర్దిన సంఖ్య అయితే రెండు వైపులా పన్నెండేసి పిక్సెళ్లు ఊగుతుంది.

2015లో ఆపిల్ సంస్థ ఐఫోన్‌లో పాత హెల్వెటికా న్యూ బదులు శాన్ ఫ్రాన్సిస్కో అనే సొంత ఫాంట్ తెచ్చినప్పుడు ఈ సంగతి చాలామంది డెవలపర్లకు తొలిసారి తగిలింది. పాత ఫాంట్‌లో అంకెలన్నీ మామూలుగానే ఒకే వెడల్పు. కొత్తదాంట్లో ఎవరి వెడల్పు వారిది. అంతవరకూ నిశ్చలంగా ఉన్న స్టాప్‌వాచీలు, కౌంట్‌డౌన్లు కుదుపులు మొదలుపెట్టాయి. ఒకే వెడల్పు అంకెలు కావాలంటే అడగడానికి ఆపిల్ అదే ఏడాది విడిగా ఒక ఏర్పాటూ ఇచ్చింది. తెలియనివాళ్లు వాడలేదు, అంతే.

వెబ్ పేజీలో ఈ అడగడం ఒక్క వరుస పని. `font-variant-numeric: tabular-nums` అని రాస్తే, ఫాంట్‌లో ఆ రకం అంకెలు ఉంటే బ్రౌజర్ వాటినే వాడుతుంది. లేకపోతే నోరెత్తకుండా ఊరుకుంటుంది. అందుకే రాసి వదిలేయకూడదు, పరీక్షించాలి. 1111 కింద 8888 వేసి, రెండింటి చివరలూ ఒకే గీత మీద ఆగాయో లేదో చూస్తే చాలు. తెలుగు పేజీల్లో ఈ పరీక్ష మరీ అవసరం. తెలుగు అక్షరాలు ఒక ఫాంట్ నుంచి, 0–9 అంకెలు మరో ఫాంట్ నుంచి రావచ్చు. ఏ ఫోన్‌లో ఏది దొరికితే అది అతుక్కుంటుంది. డిజైనర్ కంప్యూటర్‌లో కదలని ధర, వాడేవాళ్ల చేతిలోని ఫోన్‌లో ఊగుతుండటానికి ఒక కారణం ఇదే. ఫాంట్‌లో సమానమైన అంకెలు లేకపోతే, ఒక్కో అంకెనూ ఒక్కో గడిలో పెట్టి ఆ గడికి నికరమైన వెడల్పు ఇవ్వడం తప్ప దారిలేదు.

అంకెల వెడల్పు సమానమైతే సగం పనే అయింది. అంకెల సంఖ్య మారితే? 99,999 తర్వాత 1,00,000 వస్తుంది. మన పద్ధతిలో ఒక అంకెతోపాటు ఒక కామా కూడా అదనంగా వచ్చి కూర్చుంటుంది. దీనికి ముందే చోటు కేటాయించి, సంఖ్యను కుడివైపుకు సర్ది ఉంచాలి. అప్పుడు పెరిగే అంకె ఎడమనున్న ఖాళీలోకి వెళుతుంది, ఒకట్ల స్థానం ఉన్నచోటే ఉంటుంది.

ఎంత చోటు కేటాయించాలి? సీఎస్ఎస్‌లో `ch` అనే కొలత ఉంది. అది ఆ ఫాంట్‌లో సున్నా వెడల్పు. సెన్సెక్స్ లాంటి సూచీని రెండు దశాంశాలతో చూపాలనుకుందాం. 80,049.67లో ఏడు అంకెలు, ఒక కామా, ఒక చుక్క, మొత్తం తొమ్మిది గుర్తులు. 9ch సరిపోతుంది. కానీ సూచీ లక్షకు చేరిన రోజున 1,00,000.00 అని రాయాలి. అవి పదకొండు గుర్తులు. పేజీ ఒకటి రెండేళ్లు బతకాలనుకుంటే 11ch ఇవ్వడమే తెలివి.

```css
.index-value {
  display: inline-block;
  min-width: 11ch;
  text-align: right;
  font-variant-numeric: tabular-nums;
}
```

ఇక్కడ `width` అనకుండా `min-width` అనడం కావాలని చేసిందే. లెక్క తప్పి ఇంకో అంకె వస్తే గడి ఒకసారి సాగుతుంది తప్ప అంకెను కోసేయదు. ఒక్క కుదుపును భరించవచ్చు గానీ, తప్పు సంఖ్యను భరించలేం. న్యూయార్క్‌లో అమెరికా ప్రభుత్వ అప్పును చూపే గడియారం ఒకటుంది. 1989లో పెట్టారు. 2008లో అప్పు పది ట్రిలియన్ డాలర్లకు చేరేసరికి గడులు చాలక, డాలరు గుర్తుండే గడిలోనే 1 అంకెను వేసి గట్టెక్కారు.

దశాంశాల దగ్గరా ఒక మెలిక ఉంది. 79,986.80 అన్న విలువను కంప్యూటర్ తనంతట తాను రాస్తే చివరి సున్నా ఎగరగొట్టి 79,986.8 అంటుంది. మరుక్షణం 79,986.85 వస్తే ఒక అంకె పెరుగుతుంది. కుడివైపుకు సర్దిన సంఖ్యలో దీనివల్ల మొత్తం అంకెలన్నీ ఒక గడి అటూ ఇటూ గెంతుతాయి. ఎప్పుడూ రెండు దశాంశాలే చూపమని గట్టిగా చెప్పాలి. పెరుగుదల, తరుగుదల చూపే గుర్తులదీ ఇదే గొడవ. కీబోర్డు మీది హైఫన్ పొట్టిది, ప్లస్ గుర్తు పొడుగుది. +62.87 కాస్తా -62.87 అయితే వెడల్పు మారుతుంది. ఫాంట్లలో అసలైన మైనస్ గుర్తు, −, విడిగా ఉంటుంది. చాలా ఫాంట్లలో దాని వెడల్పు ప్లస్‌తో సమానం. ధర మారినప్పుడు అక్షరాలను లావు చేసి చూపడం ఇంకో అలవాటు. లావు అక్షరం వెడల్పు వేరు కాబట్టి వద్దన్న కుదుపు మళ్లీ వస్తుంది. రంగు మార్చితే ఆ బెడద లేదు.

చోటు కుదిరాక అసలు ప్రశ్న మిగులుతుంది. పాత సంఖ్య నుంచి కొత్త సంఖ్యకు ఎలా వెళ్లాలి?

రెండు దారులున్నాయి. ఒకటి లెక్కపెట్టుకుంటూ వెళ్లడం. 100 నుంచి 150కి పోవాలంటే 101, 102, 103 అంటూ చకచకా అన్నీ చూపడం. రెండోది దొర్లడం. పాత కార్ల మైలేజీ మీటరులో లాగా ఒక్కో అంకె చక్రం దొర్లి తన కొత్త విలువ దగ్గర ఆగడం. చూడ్డానికి రెండూ దగ్గరగా ఉన్నా చెప్పే మాట వేరు. మొదటిది మధ్యనున్న ప్రతి సంఖ్యా ఒక క్షణం నిజమైనట్టు చూపుతుంది.

2004 మార్చి 29న ముల్తాన్‌లో వీరేంద్ర సెహ్వాగ్ 295 మీద ఉండి సక్లైన్ ముస్తాక్ బంతిని సిక్సర్ కొట్టాడు. స్కోరు 301. టెస్టుల్లో భారతీయుడి తొలి ట్రిపుల్ సెంచరీ. ఆ ఇన్నింగ్స్‌లో సెహ్వాగ్ స్కోరు 300 అన్నది ఏ క్షణంలోనూ లేదు. లెక్కపెట్టుకుంటూ వెళ్లే కౌంటర్ ఆ రోజు ఉండి ఉంటే 296, 297, 298, 299, 300, 301 అని చూపేది. ఆ నడుమ ఎవరైనా స్క్రీన్‌షాట్ తీస్తే జరగని చరిత్రకు సాక్ష్యం దొరికినట్టే. క్రికెట్‌లో పరుగులు ఒకటి, నాలుగు, ఆరు చొప్పున దూకుతాయి. స్కోరుకు లెక్కపెట్టే కదలిక ఎప్పుడూ తప్పే. దొర్లించాలి, లేదా నేరుగా మార్చి ఒక మెరుపు చూపాలి.

ధరల విషయంలో ఇది ఇంకా సున్నితం. ఒక షేరు 2,450 దగ్గర ఒక లావాదేవీ జరిగి, తర్వాతది 2,456 దగ్గర జరిగితే, మధ్యలో 2,453కి ఎవరూ అమ్మలేదు, ఎవరూ కొనలేదు. కౌంటర్ ఆ సంఖ్యను చూపిన ఆ పావు సెకనులో చూసినవాడు దాన్ని ధర అనుకుంటాడు. అందుకే ఆర్డర్ పెట్టే తెర మీద ధరను లెక్కపెట్టించకపోవడమే మేలు. పేజీ తెరవగానే సున్నా నుంచి పరుగెత్తుకొచ్చే మొత్తాల సంగతి వేరే. పొదుపు మొత్తం, విరాళాల మొత్తం, ఓట్ల మొత్తం లాంటివి నిజంగానే పేరుకుంటూ వచ్చేవి కాబట్టి అక్కడ లెక్కపెట్టే కదలిక నప్పుతుంది. నెట్‌లో దొరికే రెడీమేడ్ కౌంటర్లు ఈ తేడా చూడవు. అన్నిటికీ ఒకే తాళం వేస్తాయి.

దొర్లించడంలో ఉన్న తిరకాసు చూడాలంటే నిజమైన సంఖ్యలే తీసుకుందాం. 2024 జూలై 3న సెన్సెక్స్ ముగింపు 79,986.80. మర్నాడు ముగింపు 80,049.67. మొదటిసారి ఎనభై వేల పైన ముగిసిన రోజది. తేడా 62.87 పాయింట్లే గానీ ఏడు అంకెలూ మారాయి.

ఒక్కో అంకెకు ఒక్కో గడి. గడిలో 0 నుంచి 9 వరకూ నిలువుగా రాసిన పట్టీ. గడి ఒక్క అంకె ఎత్తే ఉంటుంది, మిగతావి దాగి ఉంటాయి. పట్టీని పైకీ కిందికీ జరిపితే కావలసిన అంకె కనబడుతుంది. ఇంతవరకూ తేలికే. పదివేల స్థానంలో 7 నుంచి 8కి పట్టీ ఒక మెట్టు జరిగింది, బాగుంది. వేల స్థానంలో 9 నుంచి 0కి పోవాలి. పట్టీ మీద 0 తొమ్మిది మెట్లు వెనక ఉంది. అది 8, 7, 6 అంటూ మొత్తం వెనక్కి పరుగెడుతుంది. వందల స్థానమూ అంతే. పదుల స్థానంలో 8 నుంచి 4కి వెనక్కే, దశాంశంలో 8 నుంచి 6కి వెనక్కే. ఒకట్లలో 6 నుంచి 9కి, చివర 0 నుంచి 7కి మాత్రం ముందుకు. సూచీ పెరిగిన రోజున నాలుగు గడులు తగ్గుతున్నట్టు, మూడు గడులు పెరుగుతున్నట్టు దొర్లుతాయి. చూసేవాడికి ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది, ఏమిటన్నది పట్టుబడదు.

దీనికి మందు, పట్టీని చక్రంగా భావించడం. విలువ పెరిగితే ప్రతి గడీ ముందుకే తిరగాలి. 9 తర్వాత 0 ఒక్క మెట్టే. ఎన్ని మెట్లన్నది కొత్త అంకెలోంచి పాతది తీసేసి, రుణం వస్తే పది కలిపితే వచ్చేస్తుంది. పై ఉదాహరణకు ఎడమ నుంచి వరుసగా 1, 1, 1, 6, 3, 8, 7 మెట్లు. పట్టీ మీద 0–9ని రెండుసార్లు రాసుకుంటే 9 దాటి ముందుకు పోవడానికి చోటుంటుంది. కదలిక ముగిశాక చప్పుడు లేకుండా మొదటి వరుసకు తెచ్చి పెట్టవచ్చు. విలువ తగ్గితే ఇదంతా తిరగేసి చేయాలి.

అమెరికాలో షేర్ల యాప్ నడిపే రాబిన్‌హుడ్ సంస్థ, ఆండ్రాయిడ్ కోసం తన దొర్లే అంకెల కోడ్‌ను టిక్కర్ అన్న పేరుతో అందరికీ ఇచ్చింది. పాత రాతను కొత్త రాతగా మార్చడానికి కనీసం ఎన్ని అక్షరాలు చేర్చాలో, తీసేయాలో, మార్చాలో లెక్కగట్టే లెవెన్‌స్టైన్ పద్ధతిని అందులో వాడారు. అక్షరాలూ అంకెలూ కలిసిన రాతకు అది చక్కటి ఆలోచన. అచ్చంగా సంఖ్యలకైతే కుడి నుంచి స్థానాల వారీగా జోడించడమే నిక్కచ్చి అనిపిస్తుంది. ఒకట్ల గడి ఎప్పటికీ ఒకట్ల గడిగానే ఉంటుంది, పదులు వందల్లోకి జారవు.

ఇక సంఖ్యలు తరుముకొచ్చే సమస్య. ఉదయం 9:15కి మార్కెట్ తెరుచుకున్న తొలి నిమిషాల్లో విలువలు ఎడతెగకుండా వస్తాయి. సెకనుకు ఐదు విలువలు వస్తున్నాయనీ, ఒక్కో మార్పుకు 0.8 సెకన్ల కదలిక పెట్టారనీ అనుకుందాం.

వచ్చిన విలువలన్నిటినీ వరుసలో నిలబెట్టి ఒకదాని తర్వాత ఒకటి చూపితే ఒక నిమిషంలో 300 విలువలు వస్తాయి. కౌంటర్ చూపగలిగింది 75. మిగిలిన 225 వరుసలో ఉన్నాయి. కొత్తవి రావడం ఆ క్షణమే ఆగిపోయినా వాటిని చూపడానికి మరో మూడు నిమిషాలు పడుతుంది. రేషన్ షాపు ముందు లైను లాంటిది కాదిది. అక్కడ ఎవరి సరుకు వారికి అందాలి. ఇక్కడ వెనకున్నవాడు వచ్చాక ముందున్నవాడితో పనేలేదు. కొత్త విలువ వచ్చిన క్షణమే పాతవన్నీ చెత్త. వరుస పెట్టకూడదు, చివరి విలువ ఒక్కటే గుర్తుంచుకోవాలి.

సరే, చివరిదే గుర్తుంచుకుని, ప్రతిసారీ కదలికను మొదటి నుంచి మొదలుపెడితే? ఇక్కడ రెండు పొరపాట్లు పొంచి ఉంటాయి. ఒకటి, తెర మీద ప్రస్తుతం ఉన్న సంఖ్య నుంచి కాక, పాత గమ్యం నుంచి బయల్దేరడం. అప్పుడు సంఖ్య ఒక్కసారిగా గెంతి, ఆ తర్వాత నెమ్మదిగా నడుస్తుంది. రెండోది కనబడకుండా చేసే పాడు. కదలికలు మెల్లగా మొదలై, వేగం పుంజుకుని, మెల్లగా ఆగితే అందంగా ఉంటాయని డిజైనర్లు ఆ తీరు ఎంచుకుంటారు. అలాంటి వంపుల్లో బాగా వాడుకలో ఉన్న క్యూబిక్ రకంలో 0.8 సెకన్లకు గాను తొలి 0.2 సెకన్లలో పూర్తయ్యే దూరం ఆరు శాతం చిల్లరే. అంతలోనే కొత్త విలువ వస్తుంది, మళ్లీ మొదటికి. ప్రతిసారీ ఆరు శాతం నడిచి ఆగిపోయే కౌంటర్, మార్కెట్ పరుగెడుతున్నంతసేపూ ఎక్కడో వెనకే ఉంటుంది. మార్కెట్ నెమ్మదించాకే అందుకుంటుంది. అసలు అవసరమైనప్పుడే అబద్ధం చెబుతుందన్నమాట. మొదటే వేగంగా దూకి చివర నెమ్మదించే తీరు తీసుకుంటే అదే 0.2 సెకన్లలో 58 శాతం దాకా పూర్తవుతుంది.

ఇంకా మంచి దారి, కదలికకు మొదలూ చివరా పెట్టకపోవడం. ప్రతి క్షణం, మిగిలిన దూరంలో ఒక వంతు తగ్గించుకుంటూ పోవాలి. గమ్యం ఎప్పుడు మారినా ఫర్వాలేదు, ఉన్నచోటి నుంచి కొత్త గమ్యం వైపు తిరుగుతుంది. మళ్లీ మొదలుపెట్టడమన్న మాటే ఉండదు.

```js
const fmt = new Intl.NumberFormat('en-IN', {
  minimumFractionDigits: 2, maximumFractionDigits: 2
});
let shown = 79986.80, target = 80049.67;
let last = performance.now();

function frame(now) {
  const k = 1 - Math.exp(-(now - last) / 150);
  last = now;
  shown += (target - shown) * k;
  if (Math.abs(target - shown) < 0.5) shown = target;
  el.textContent = fmt.format(shown);
  requestAnimationFrame(frame);
}
requestAnimationFrame(frame);
```

ఇందులో 150 అన్నది మిల్లీసెకన్లు. ఆ వ్యవధి గడిచేసరికి మిగిలిన దూరం 37 శాతానికి పడిపోతుంది. 62.87 పాయింట్ల దూరం 150 మిల్లీసెకన్లకు 23కి, 300కి ఎనిమిదిన్నరకు, 450కి మూడు పాయింట్ల చిల్లరకు తగ్గుతుంది. సూచీ సెకనుకు ఐదు పాయింట్ల చొప్పున ఎడతెరిపి లేకుండా పెరుగుతుంటే తెర మీది సంఖ్య ముప్పావు పాయింటు వెనకబడి వెంట నడుస్తుంది. అంతకంటే వెనకబడదు.

సగం పాయింటు లోపుకు రాగానే నేరుగా గమ్యానికి చేర్చే ఆ వరుస తీసేస్తే ఏమవుతుందో చూడదగ్గదే. దూరం పాయింటు లోపుకు రావడానికి 0.62 సెకన్లు చాలు. కానీ చివరి దశాంశం కుదురుకోవడానికి దాదాపు 1.4 సెకన్లు పడుతుంది. అంటే సగానికి పైగా సమయం దశాంశాలు నత్తనడక నడవడానికే పోతుంది. పెద్ద అంకెలు ఎప్పుడో ఆగిపోయి, చివరి రెండంకెలు మాత్రం ఇంకా పాకుతుంటాయి. ఏ కౌంటర్‌లోనైనా ఈ పాకుడు కనబడితే, ఆపే గీత పెట్టడం మరిచారని అర్థం.

`Math.exp` ఉన్న వరుసను చూసి ఇంత అవసరమా అనిపించవచ్చు. చాలామంది ఫ్రేముకు పది శాతం చొప్పున తగ్గించమని తేలిగ్గా రాసేస్తారు. సెకనుకు 60 ఫ్రేములు చూపే ఫోన్‌లో అది 95 శాతం దూరం వెళ్లడానికి 0.47 సెకన్లు తీసుకుంటుంది. 120 ఫ్రేముల ఫోన్‌లో అందులో సగమే. ఒకే యాప్ ఒక ఫోన్‌లో నిదానంగా, ఇంకోదాంట్లో కంగారుగా కనబడుతుంది. రెండు ఫోన్లు పక్కపక్కన పెడితే ఇట్టే దొరికిపోయే లోపమిది. గడిచిన సమయాన్ని బట్టి లెక్కిస్తే అన్ని ఫోన్లలోనూ ఒకే వేగం. ఇందులో ఇంకో లాభమూ ఉంది. పేజీని పక్కకు పెట్టి వేరే పనికి పోతే బ్రౌజర్ ఫ్రేములు ఆపేస్తుంది. పది నిమిషాల తర్వాత తిరిగొస్తే గడిచిన సమయం చాలా పెద్దది కాబట్టి సంఖ్య ఒక్క ఫ్రేములో తాజా విలువకు చేరుతుంది. వరుస పెట్టిన కౌంటర్ అయితే పది నిమిషాల పాత కథంతా అప్పుడు మొదలుపెడుతుంది. విలువ మారనప్పుడు ఫ్రేములు అడగడం ఆపేస్తే బ్యాటరీ మిగులుతుంది, ఇక్కడ కోడ్ పొట్టిగా ఉండాలని ఆ భాగం వదిలేశారు.

ఈ కోడ్ లెక్కపెట్టే రకం. మధ్య సంఖ్యలు చూపడం సూచీకి, అదీ పైపైన చూసే పట్టీలో, సర్దుకుపోవచ్చు. ఏ దారిలోనైనా ఒక జాగ్రత్త తప్పదు. తెర మీద కనబడే సంఖ్య `shown`, నిజమైన విలువ `target`. కొనే బటన్, మొత్తం లెక్క, హెచ్చరికలు, అన్నీ `target` నుంచే విలువ తీసుకోవాలి. తెర మీది రాతను చదివి దాంతో లెక్క కడితే, కదులుతున్న సంఖ్య మధ్యలో దొరికిన విలువతో ఆర్డరు పోతుంది.

మనిషి కన్ను ఎంత చదవగలదన్నదీ ఆలోచించాలి. సెకనుకు ఇరవైసార్లు మారే ఏడంకెల సంఖ్యను ఎవరూ చదవలేరు. చివరి అంకెలు మసకబారతాయి, ఎడమవైపు నిలకడగా ఉన్న అంకెలే అందుతాయి. దొర్లే రకంలో అయితే సెకనుకు మూడు నాలుగు కంటే ఎక్కువ మార్పులు తెర మీదికి పంపకుండా, నడుమ వచ్చినవాటిలో చివరిదే చూపితే చదవడానికి వీలుంటుంది. ఎరుపు, ఆకుపచ్చ మెరుపులకైతే హద్దు ఇంకా గట్టిది. సెకనుకు మూడుసార్ల కంటే ఎక్కువ మెరిసేది ఏదీ ఉండకూడదని వెబ్ అందుబాటు ప్రమాణాలు చెబుతాయి, అలాంటి మెరుపులు కొందరికి మూర్ఛ తెప్పించవచ్చు. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కళ్లూ చాలా ఉన్నాయి. రంగుతోపాటు పైకో కిందికో చూపే బాణం గుర్తు ఉంటే వాళ్లకూ తెలుస్తుంది.

కదలికలు చూస్తే కళ్లు తిరిగేవాళ్లు ఫోన్ సెట్టింగుల్లో వాటిని తగ్గించమని పెట్టుకుంటారు. పేజీకి ఆ సంగతి `prefers-reduced-motion` ద్వారా తెలుస్తుంది. అది ఆన్‌లో ఉంటే ఏ దొర్లుడూ లేకుండా కొత్త సంఖ్యను నేరుగా వేసేయాలి. చూపులేనివాళ్లకు తెరను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ల సంగతి ఇంకో ఎత్తు. దొర్లే గడుల పట్టీలను అది ఉన్నదున్నట్టు చదివితే సున్నా, ఒకటి, రెండు, మూడు అంటూ ఒక్కో గడికీ పదేసి అంకెలు వినిపిస్తుంది. కదిలే భాగాన్ని `aria-hidden` అని దాని నుంచి దాచి, పక్కనే కంటికి కనబడని ఒక మామూలు వాక్యంలో కుదురుకున్న విలువను మాత్రమే, అదీ కొన్ని సెకన్లకోసారి, పెట్టాలి. సెన్సెక్స్ ఎనభై వేల నలభై తొమ్మిది అని ఒకసారి వినబడితే వినేవాళ్లకు అదే చాలు.

తయారైన కౌంటర్‌ను పరీక్షించేటప్పుడు చాలామంది ఒకే విలువను ఐదారుసార్లు మార్చి చూసి తృప్తిపడతారు. ఏ లోపమూ అలా బయటపడదు. 11,111.11 నుంచి 88,888.88కి, 99,999.95 నుంచి 1,00,000.05కి, అక్కణ్నుంచి వెనక్కి, +0.05 నుంచి −0.05కి నడిపించాలి. ఒక ఉదయం నిజంగా వచ్చిన విలువలను దాచుకుని, వాటినే పది రెట్లు వేగంగా తిప్పి పంపాలి. పంపడం ఆపిన క్షణం నుంచి కౌంటర్ నిలబడేదాకా ఎంతసేపు పట్టిందో చూడాలి. ఒక సెకను లోపే నిలబడితే సరే. అంతకు మించి పట్టిందంటే లోపల ఎక్కడో ఒక వరుస ఇంకా దాక్కుని ఉంది.